“క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయట”: ఈ ఒక్క మాట మీద క్యాప్షన్ ఎలా రాయాలి

డెంటల్ క్లినిక్‌ల పేజీల్లో దాదాపు ఒకే పోస్టు తిరుగుతూ ఉంటుంది. ఎడమవైపు ఎర్ర రంగులో “అపోహ: క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి”, కుడివైపు ఆకుపచ్చలో “వాస్తవం: క్లీనింగ్ వల్ల పళ్లు వదులు కావు”, కింద ఫోన్ నంబరు, దాని పక్కన “ఈరోజే అపాయింట్‌మెంట్ తీసుకోండి”. అందులో అబద్ధం లేదు. కానీ అది చదివి ఎవరైనా మనసు మార్చుకుంటారంటే నాకు నమ్మకం లేదు. ఆ మాట నమ్మేవాళ్లు దాన్ని ఎక్కడో చదివి నమ్మలేదు, నాన్నకో మేనత్తకో అలా జరగడం దగ్గరుండి చూశారు, పక్కింటివాళ్లు కూడా అదే చెప్పారు. వదులు కావు అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే, కళ్లారా చూసినదాన్ని పక్కనపెట్టి క్లినిక్ పేజీని ఎందుకు నమ్మాలి?

అందుకే అపోహ–వాస్తవం క్యాప్షన్ గురించి చెప్పేటప్పుడు పది అపోహలు ఏకరువు పెట్టడం కంటే ఈ ఒక్కదాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్లడం మేలు. ఇది సరిగ్గా రాయగలిగితే మిగతావి ఎలా రాయాలో దాదాపు తెలిసిపోతుంది.

ముందుగా ఆ మాట ఎలా వినిపిస్తుందో అలాగే పట్టుకోవాలి. “డెంటల్ స్కేలింగ్ దంతాల చలనశీలతకు దారితీస్తుంది” అని ఏ పేషెంటూ అనడు. “ఒకసారి క్లీనింగ్ మొదలుపెడితే ఇక మానకూడదటగా”, “గార తీసేస్తే పళ్ల మధ్య సందులు పడతాయంట”, “మా ఆయనకు చేయించాక పళ్లన్నీ జివ్వుమంటున్నాయి” అంటారు. ఈ మాటలు డాక్టరు గదిలో కంటే రిసెప్షన్ దగ్గర ఎక్కువ వినిపిస్తాయి, ఎందుకంటే డాక్టరు ఎదుట చాలామంది మొహమాటపడి తలూపేస్తారు, బయటికొచ్చాక అక్కడ కూర్చున్న అమ్మాయిని “నిజంగా ఏం కాదా అమ్మా?” అని అడుగుతారు. క్యాప్షన్‌కు ముడిసరుకు ఆ ప్రశ్నే. దాన్ని అదే భాషలో ఒక నోటుబుక్‌లో రాసిపెట్టుకుంటే చాలు, అపోహల కోసం గూగుల్‌లో వెతకాల్సిన పని ఉండదు.

నోట్లో అసలు జరిగేదేమిటి

ఇది అర్థం కాకుండా క్యాప్షన్ రాయలేం, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మీ కింది ముందుపళ్ల వెనకవైపు నాలుకతో ఒకసారి తడమండి. గరుకుగా, గట్టిగా ఏదైనా తగిలితే అది గార అయ్యే అవకాశం ఎక్కువ. లాలాజల గ్రంథుల నాళాలు కొన్ని సరిగ్గా నాలుక కింద, అక్కడికి దగ్గర్లోనే తెరుచుకుంటాయి, లాలాజలంలోని ఖనిజాలు పళ్లమీది మెత్తటి పాచిలో చేరి కొన్ని రోజుల్లోనే దాన్ని గట్టిపరుస్తాయి. పాచి బ్రష్‌తో పోతుంది, గట్టిపడిన గార పోదు. దాని గరుకుదనం మీద మళ్లీ కొత్త పాచి చేరుతుంది, ఆ పాచిలోని సూక్ష్మజీవుల వల్ల చిగురు వాచి ఎర్రబడి, బ్రష్ తగలగానే రక్తం వస్తుంది.

ఇక్కడితో ఆగితే క్లీనింగ్ చేసి శుభ్రంగా ఉంచుకున్నాక చిగురు మళ్లీ మామూలైపోతుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే మాత్రం కొంతమందిలో వాపు లోపలికి దిగి, పంటి వేరును పట్టుకుని ఉండే ఎముక కొద్దికొద్దిగా కరగడం మొదలవుతుంది. ఇందులో నొప్పి దాదాపు ఉండదు. పిప్పిపన్ను రాత్రి నిద్ర లేకుండా చేస్తుంది కాబట్టి మనిషి పరిగెత్తుకొస్తాడు, ఎముక కరిగేటప్పుడు మాత్రం ఏమీ తెలియదు.

అసలు మెలిక ఇక్కడుంది. ఎముక తగ్గి, చిగురు కిందికి జారి, పళ్ల మధ్య ఖాళీ ఏర్పడినచోట గార వచ్చి చేరుతుంది. మూడు నాలుగు పళ్ల వెనక ఒకే పలకలా పేరుకుని వాటన్నింటినీ కలిపి పట్టుకుంటుంది. లోపల పట్టు లేని పళ్లు కూడా కదలకుండా నిలబడతాయి, సందులు కనిపించవు. ఆ మనిషికి తన పళ్లు బాగానే ఉన్నాయనిపిస్తుంది. ఎప్పుడో ఒకరోజు క్లీనింగ్‌కు వెళ్తాడు, గార పలక ఊడి వస్తుంది, ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే కొత్త సందులు, నాలుకతో నెడితే పన్ను కదులుతోంది, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది. నిన్నటిదాకా లేనివన్నీ ఈరోజు కనిపిస్తున్నాయి, మధ్యలో జరిగింది క్లీనింగ్ ఒక్కటే. దానివల్లే అయిందనుకోవడం చాలా సహజం, అతని స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు.

కాబట్టి ఈ అపోహలో సగం నిజమైన అనుభవం. సందులు కనిపించడం, జివ్వుమనడం, కదలడం అన్నీ జరుగుతాయి. తప్పు వాటికి చెప్పుకున్న కారణంలో ఉంది. క్యాప్షన్ ఈ రెంటినీ విడదీయాలి: అనుభవాన్ని ఒప్పుకోవాలి, కారణాన్ని సరిచేయాలి. “వదులు కావు” అన్నప్పుడు మనం అనుభవాన్నే కాదంటున్నాం, అక్కడే పేషెంటు మనల్ని నమ్మడం మానేస్తాడు.

వాస్తవాన్ని ఎంతవరకు చెప్పాలి

“100% సేఫ్”, “ఎప్పటికీ ఏం కాదు” లాంటి మాటలు రాయడానికి చేయి ఉరుకుతుంది. వద్దు. ఎముక గట్టిగా ఉన్నవాళ్లకు క్లీనింగ్ వల్ల పళ్లు వదులు కావు, ఇది ధైర్యంగా చెప్పొచ్చు. అల్ట్రాసోనిక్ స్కేలర్ మొన సెకనుకు వేల సార్లు అదురుతూ, నీటి ధారతో కలిసి గారను విడగొడుతుంది, చేయి తిరిగినవాళ్లు వాడితే పంటి పైపొర అరిగిపోదు. ఎముక ఇప్పటికే బాగా కరిగినవాళ్లకు మాత్రం కథ వేరే. వాళ్లకు గార తీసిన మొదటి కొన్ని రోజులు పన్ను ఇంకాస్త కదిలినట్టు అనిపించవచ్చు. చిగుళ్ల వాపు తగ్గేకొద్దీ, కొన్ని వారాల్లో, చాలావరకు ఆ కదలిక తగ్గుతుంది. అయితే పోయిన ఎముక క్లీనింగ్‌తో తిరిగి రాదు. పట్టు పూర్తిగా పోయిన పన్నును ఏ క్లీనింగూ కాపాడలేదు కూడా.

ఇదంతా క్యాప్షన్‌లో చెబితే జనం భయపడరా అని అడుగుతారు. నా అనుభవంలో జనం ఎక్కువ భయపడేది ఎవరూ ముందుగా చెప్పనిది జరిగినప్పుడు. కొన్ని రోజులు జివ్వుమంటుందని తెలిసిన మనిషి చల్లనీళ్లు మానుకుని ఓపిక పడతాడు, తెలియని మనిషి మొదటి రాత్రే బంధువుల గ్రూపులో “క్లీనింగ్ చేయించుకోకండి” అని రాసేస్తాడు.

బొమ్మ మీద ఏం రాయాలి

ఒక మాట పదేపదే చెవిన పడితే అది నిజమే అనిపిస్తుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపీనో అనే ముగ్గురు కాలేజీ విద్యార్థులకు కొన్ని వాక్యాలు కొన్ని వారాల వ్యవధితో చూపించి, వాటిలో ఏవి నిజమో చెప్పమన్నారు. మళ్లీ మళ్లీ కనిపించిన వాక్యాలు నిజమైనా అబద్ధమైనా, విద్యార్థులకు వాటి మీద నమ్మకం పెరుగుతూ వచ్చింది. దీని అర్థం అపోహను అసలు నోటితో అనకూడదని కాదు, అనకపోతే దేని గురించి మాట్లాడుతున్నామో చదివేవాళ్లకు తెలియదు. ఒక్కసారి అనాలి, అన్న వెంటనే సరిచేయాలి, పోస్టులో అన్నిటికంటే పెద్ద అక్షరాలు దానికి ఇవ్వకూడదు.

మన దగ్గర దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పోస్టు అక్కడే ఉండదు, ఎవరో స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపుతారు, అప్పుడు బొమ్మ ఒక్కటే వెళ్తుంది, కింద మీరు కష్టపడి రాసిన క్యాప్షన్ అక్కడే ఉండిపోతుంది. మొదటి స్లైడులో అపోహ, పక్కకు జరిపితే వాస్తవం అని రెండు ముక్కలుగా చేసిన పోస్టులు చూడ్డానికి బాగుంటాయి, కానీ మొదటి స్లైడు విడిగా ప్రయాణం మొదలుపెడితే మీ క్లినిక్ పేరూ లోగోతో సహా “క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి” అనే ప్రకటన ఊరంతా తిరుగుతుంది. వాట్సాప్‌కు చేరేసరికి సగం చెరిగిపోయి, పైన ఉన్న “అపోహ” అనే చిన్న అక్షరాలు కనబడకపోతే ఇక చెప్పనక్కర్లేదు.

అందుకని బొమ్మ మీద వాస్తవమే పెద్దగా ఉండాలి, అదీ ఒంటరిగా నిలబడేలా. నేనైతే ఇలా రాస్తాను:

“పళ్లను వదులు చేసేది చిగుళ్ల జబ్బు. గార దాన్ని కప్పిపెడుతుంది, క్లీనింగ్ బయటపెడుతుంది.”

దీన్ని ఎవరు స్క్రీన్‌షాట్ తీసినా నష్టం లేదు. కావాలంటే కింద చిన్న అక్షరాల్లో “క్లీనింగ్ తర్వాత పళ్లు కదిలాయని అంటుంటారు, ఎందుకో క్యాప్షన్‌లో చదవండి” అని పెట్టొచ్చు. ఎర్ర ఇంటూ గుర్తు, పెద్ద “తప్పు!” ముద్ర నేను వాడను. ఆ మాట చెప్పింది చదివేవాళ్ల అమ్మో అత్తగారో అయి ఉంటుంది, వాళ్ల మీద తప్పు ముద్ర వేసి క్లినిక్‌కు రమ్మంటే ఎవరూ రారు. రక్తం కారుతున్న చిగుళ్లు, నల్లబడ్డ పళ్ల క్లోజప్ ఫొటోలు కూడా అంతే, వాటిని చూసినవాళ్లు పోస్టును వేలితో పైకి తోసేస్తారు. పేషెంటు ఫొటో అయితే రాతపూర్వక అనుమతి లేకుండా అసలు ముట్టుకోవద్దు, ముఖం కనపడకపోయినా సరే.

ఇక క్యాప్షన్. ఇన్‌స్టాగ్రామ్ 2,200 క్యారెక్టర్ల దాకా రానిస్తుంది, తెలుగులో గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి మనకు కనిపించే అక్షరాలు అంతకంటే బాగా తక్కువే పడతాయి. దానికంటే ముఖ్యం, మొదటి రెండు వరుసల తర్వాత మిగతాది దాగిపోతుంది. కాబట్టి “నమస్కారం, మా క్లినిక్ పేజీకి స్వాగతం, ఈరోజు మనం ఒక ముఖ్యమైన అపోహ గురించి…” అని మొదలుపెడితే ఉన్న రెండు వరుసలూ పలకరింపులకే పోయాయి. మొదటి వాక్యంలోనే పేషెంటు అనుభవం రావాలి. నేను రాసే క్యాప్షన్ ఇది:

> “క్లీనింగ్ చేయించాక పళ్లు కదిలాయి” అని మీ ఇంట్లో ఎవరైనా అన్నారా? వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. కారణం మాత్రం వేరే ఉంది.
>
> పాతిన గుంజ చుట్టూ మట్టి కొట్టుకుపోతే గుంజ ఊగుతుంది. పంటికి ఆ మట్టి లోపలి ఎముక. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకు ఆ ఎముక నొప్పి లేకుండా తగ్గుతూ వస్తుంది. పళ్ల చుట్టూ గట్టిపడిన గార వాటిని కలిపి పట్టుకోవడం వల్ల ఆ సంగతి బయటికి తెలియదు. గార తీసిన రోజు తెలుస్తుంది.
>
> గార అలాగే ఉంచితే ఎముక ఇంకా తగ్గుతుంది. తీసేసి శుభ్రంగా ఉంచుకుంటే తగ్గడం ఆగే అవకాశం ఉంది.
>
> క్లీనింగ్ తర్వాత కొన్ని రోజులు చల్లటివి తగిలితే జివ్వుమనవచ్చు, గార నిండిన సందులు ఖాళీగా కనిపించవచ్చు. జివ్వుమనడం మామూలుగా వారం రెండు వారాల్లో తగ్గుతుంది, తగ్గకపోతే చూపించుకోవాలి.
>
> బ్రష్ చేస్తే రక్తం రావడం, నోటి వాసన పోకపోవడం, ముందుపళ్ల మధ్య కొత్తగా సందు రావడం, ఇవి ఉంటే ఒకసారి చిగుళ్లు కొలిపించుకోండి. పొగ తాగేవాళ్లకు జబ్బు ఉన్నా రక్తం పెద్దగా రాకపోవచ్చు, రక్తం రావడం లేదని ఊరుకోకండి.
>
> చెకప్ రోజు చిన్న కొలత పుల్లతో ప్రతి పంటి చుట్టూ చిగురు లోతు చూస్తారు, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. క్లీనింగ్ అవసరమా, ఎంత అవసరం అనేది ఆ తర్వాతి మాట. షుగర్ ఉన్నా, గుండె వాల్వ్ ఆపరేషన్ అయినా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి, ఆ మందులు మీ అంతట మీరు ఆపకండి.

ఇందులో మొదటి వాక్యం మినహా అపోహ మళ్లీ రాలేదు. “కావు”, “అబద్ధం”, “నమ్మకండి” అనే మాటలూ లేవు. కారణం చెప్పాం, ఆ కారణం వాళ్లు చూసినదానికి సరిపోయింది, అంతే. ఒక అపోహను తీసేయాలంటే దాని చోట ఇంకో వివరణ పెట్టాలి, ఖాళీగా వదిలేస్తే పాతదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

పొగ తాగేవాళ్ల గురించి రాసిన వాక్యం మీద ఒక్క మాట. “రక్తం వస్తే రండి” అని చాలా పోస్టుల్లో ఉంటుంది, పొగ వల్ల చిగుళ్లలో రక్తప్రసరణ తీరు మారి రక్తం రావడం తగ్గుతుంది కాబట్టి అసలు ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లు ఆ పోస్టు చూసి “నాకు రావట్లేదుగా” అని తృప్తిపడతారు. లక్షణాల జాబితా రాసేటప్పుడు అది ఎవర్ని బయట వదిలేస్తోందో చూసుకోవడం అందుకే.

చెకప్‌కు రమ్మని ఎలా అనాలి

పై క్యాప్షన్‌లో “ఈరోజే బుక్ చేసుకోండి” లేదని గమనించే ఉంటారు. చెకప్ రోజు ఏం జరుగుతుందో చెప్పడమే అక్కడ ఆహ్వానం. దంతవైద్యుడి దగ్గరికి రాకుండా ఆగేది చాలావరకు రెండు టెన్షన్ల వల్ల: నొప్పి పెడతారేమో, వెళ్లగానే పెద్ద బిల్లు వేస్తారేమో. “మొదట కొలుస్తారు, ఆ తర్వాతే అవసరమా కాదా మాట్లాడతారు” అన్న ఒక్క వాక్యం ఆ రెండింటికీ కొంత జవాబు. “మొదటి 20 మందికి ఉచితం”, “ఈ నెలాఖరు వరకే” లాంటివి రాస్తే పైన చెప్పిన చదువంతా వ్యాపారానికి ముసుగులా కనిపిస్తుంది. పైగా డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014లో తెచ్చిన నైతిక నియమావళి ప్రకారం పేషెంట్లను తనవైపు లాక్కునే ప్రచారం చేయడం డాక్టరుకు తప్పే. అవగాహన కల్పించడానికీ, గిరాకీ కోసం వల వేయడానికీ మధ్య గీత క్యాప్షన్ చివరి రెండు వాక్యాల్లోనే ఎక్కువగా దాటిపోతుంది, రాసినవాళ్లు చివర్లో మరోసారి చదువుకోవాల్సింది వాటినే.

ఆరు నెలల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. “ప్రతి ఆరు నెలలకోసారి చెకప్ తప్పనిసరి” అనే వాక్యం అపోహ–వాస్తవం పోస్టుల్లో వాస్తవం వైపు కనిపిస్తూ ఉంటుంది. అందరికీ ఒకే గడువు అనడానికి గట్టి ఆధారం లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2004లోనే ఈ విషయాన్ని చూసి, ఒక్కొక్కరి నోటి పరిస్థితిని బట్టి గడువు డాక్టరే నిర్ణయించాలని, పెద్దవాళ్లలో అది 3 నెలల నుంచి 24 నెలల వరకు ఉండొచ్చని, 18 ఏళ్లలోపు వాళ్లకు మాత్రం 12 నెలలు దాటకూడదని చెప్పింది. షుగర్ ఉండి, చిగుళ్లు పాడైన మనిషికి ఆరు నెలలు ఆలస్యమే కావచ్చు. చిగుళ్లు గట్టిగా, పిప్పి లేకుండా ఉన్న ముప్పై ఏళ్ల మనిషికి అంత తొందర లేకపోవచ్చు. కాబట్టి “మీకు ఎన్నాళ్లకోసారి చెకప్ కావాలో వచ్చినప్పుడు అడగండి” అని రాస్తే నిజమూ చెప్పినట్టు, రావడానికి ఒక కారణమూ ఇచ్చినట్టు. అపోహలు సరిచేస్తామని బయల్దేరినవాళ్లు తమకు లాభం ఉన్నచోట లెక్క పెంచి చెప్పకూడదు, చదివేవాళ్లు ఇంకెక్కడైనా అసలు సంగతి చూస్తే ఆ పేజీలో మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

ఇదే పద్ధతి ఇంకో మాటకు పనికొస్తుందో లేదో చూద్దాం: “పై పన్ను పీకిస్తే చూపు పోతుంది”. ఇందులోనూ నిజమైన అనుభవం ఏదో ఉండాలి కదా, అదేమిటి? పై కోరపన్ను వేరు చాలా పొడవు, కంటికి కిందుగా పైకి వెళ్తుంది. అక్కడ చీము పడితే బుగ్గ పైభాగం వాచి కింది రెప్ప ఉబ్బుతుంది, కన్ను సగం మూసుకుపోతుంది కూడా. చూసినవాళ్లకు పంటికీ కంటికీ దగ్గర సంబంధం ఉందనిపించడంలో వింత లేదు. పైపళ్లకు వెళ్లే నరం ముఖానికి స్పర్శనిచ్చే నరం కొమ్మ, చూపు నడిచేది వేరే నరంలో. కాబట్టి బొమ్మ మీద “చూపు నరం వేరు, పంటి నరం వేరు. కన్ను వాచేలా చేసేది లోపల నిలిచిన చీము” అని రాస్తాం. ఇక్కడ కూడా “ఎప్పటికీ ఏమీ కాదు” అనకూడదు, మత్తు ఇంజెక్షన్ తర్వాత చాలా అరుదుగా కాసేపు మసకగానో రెండుగానో కనిపించడం వైద్యులకు తెలిసిన విషయమే, మత్తు దిగాక మామూలుగా అదే పోతుంది. ఇక ఆహ్వానం సంగతికొస్తే, ఈ క్యాప్షన్‌లో అది కాస్త గట్టిగానే ఉండాలి: ముఖం వాచి, జ్వరం వచ్చి, కన్ను మూసుకుపోతుంటే చెకప్ కోసం వీలు చూసుకోవడం కుదరదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అన్ని పోస్టులకూ ఒకే మెత్తటి ముగింపు అతికిస్తే ఇలాంటిచోట ప్రమాదం.

వేరే ఊరి క్యాప్షన్ తెచ్చుకుని తెలుగులో పెట్టేయడం గురించి కూడా చెప్పాలి. “పళ్లు పచ్చగా ఉన్నాయా? సరిగ్గా బ్రష్ చేయడం లేదన్నమాట, క్లీనింగ్‌తో తెల్లబడతాయి” అనే పోస్టును నల్గొండలోనో ప్రకాశం జిల్లా పడమటి ఊళ్లలోనో ఉన్న క్లినిక్ పెట్టిందనుకోండి. అక్కడ ఎంతోమంది పళ్లమీది పచ్చ, గోధుమరంగు మచ్చలు పన్ను తయారయ్యే వయసులో తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పైపొరలోనే ఏర్పడినవి. వాళ్లు రోజుకు రెండుసార్లు తోముతారు, మచ్చ పోదు. క్లీనింగ్ చేసినా పోదు, దానికి పైపొరను సన్నగా అరగదీయడం, బ్లీచింగ్, పైన పూత వేయడం లాంటి వేరే చికిత్సలు ఉన్నాయి. ఆ పోస్టు చూసి వచ్చినవాళ్లు డబ్బు కట్టి, అవే మచ్చలతో ఇంటికి పోతారు. అక్కడి క్లినిక్ సరిచేయాల్సిన అపోహ ఏదైనా ఉందంటే అది “ఈ మచ్చలు శుభ్రత లేకే” అన్న మాట, పోస్టు దానికి జవాబు చెప్పాలి.

కింద వచ్చే కామెంటు

ఎంత జాగ్రత్తగా రాసినా ఒక కామెంటు తప్పకుండా వస్తుంది: “మా నాన్నకి క్లీనింగ్ చేయించిన నెలకే రెండు పళ్లు ఊడిపోయాయి, మీరేమో క్లీనింగ్ మంచిదంటారు.” దీన్ని తీసేస్తే మిగతావాళ్లకు అనుమానం వస్తుంది. “అది అపోహ, పై పోస్టు చదవండి” అంటే గొడవ. అక్కడే రోగ నిర్ధారణ చేసి “మీ నాన్నగారికి చిగుళ్ల జబ్బు ఉంది” అనడం తప్పు, చూడని నోటి గురించి ఎవరూ చెప్పలేరు. చేసిన డాక్టరుది తప్పని అనడం ఇంకా తప్పు. ఇలా జవాబిస్తే సరిపోతుంది:

“అలా జరిగితే బాధగానే ఉంటుందండి. చూడకుండా కారణం చెప్పలేం. క్లీనింగ్‌కు ముందు తీసిన ఎక్స్‌రే ఉంటే అందులో ఎముక ఎంత ఉందో తెలుస్తుంది, చేసిన డాక్టరుగారిని అడగండి, ఆ పళ్ల గురించి వాళ్లు వివరంగా చెప్పగలరు. మిగతా పళ్ల చుట్టూ ఎముక ఎలా ఉందో మాత్రం ఇప్పుడు చూపించుకోవడం అవసరం.”

ఈ జవాబు రాయగానే క్లినిక్ తన వైపు కూడా చూసుకోవాలి. క్యాప్షన్ బయట ఏం చెప్పినా, కుర్చీలో అది జరగకపోతే ఆ కామెంటు రేపు మన పేషెంటే రాస్తాడు. గార పలకలా పేరుకున్న నోరు కనిపించినప్పుడు స్కేలర్ పట్టుకునే ముందే ఏ పన్ను ఎంత కదులుతోందో, చిగురు లోతు ఎక్కడెంత ఉందో రాసుకోవాలి. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న చిగురు లోతు 3 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది, 6 వచ్చినచోట ఆ అంకె పేషెంటుకు వినిపించేలా పైకి చదవాలి. చేతికి అద్దం ఇచ్చి, ఎక్స్‌రేలో ఎముక గీత ఎక్కడిదాకా దిగిందో వేలితో చూపించి, “ఈ గార తీస్తే ఇక్కడ సందు కనిపిస్తుంది, ఈ రెండు పళ్లు కొన్నాళ్లు కదిలినట్టుంటాయి, చేయమంటారా?” అని అడగాలి. ఒకే సిట్టింగ్‌లో అంతా గీకేయాలని లేదు, లోతు ఎక్కువున్నచోట రెండు మూడు విడతలుగా చేస్తారు.

ఆ సాయంత్రం పేషెంటు ఫోనుకు ఒక మెసేజ్ వెళ్లాలి, అది కూడా క్యాప్షన్ రాసినవాళ్లే రాస్తే భాష ఒకేలా ఉంటుంది:

> నమస్తే అండి. ఈరోజు క్లీనింగ్ అయ్యాక కొన్ని రోజులు చల్లటివి, పుల్లటివి తగిలితే జివ్వుమనవచ్చు. ఉమ్మిలో కాస్త రక్తపు చార రేపటివరకు కనిపించవచ్చు. మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోముకోండి, చిగుళ్ల దగ్గర మానేయకండి. రక్తం ఆగకుండా వస్తున్నా, వాపు లేదా జ్వరం వచ్చినా ఈ నంబరుకు ఫోన్ చేయండి. చిగుళ్లు ఎంత గట్టిపడ్డాయో మళ్లీ కొలవడానికి నాలుగు నుంచి ఆరు వారాల మధ్య ఒకసారి రండి, ఈరోజు రాసుకున్న అంకెలు పక్కన పెట్టి చూద్దాం.